మార్చి 24న బోర్డు తీర్మానం, మార్చి 31న సున్నా ప్రొవిజన్: ఒక యూనిట్ మూసివేత కేసు

ఒక యూనిట్ మూసేస్తే అయ్యే ఖర్చు కోసం కంపెనీ తన పుస్తకాల్లో ముందే రాసుకున్న రీస్ట్రక్చరింగ్ ప్రొవిజన్ 11.90 కోట్లు. ఆడిట్ పూర్తయ్యాక ఆ ఏడాది ఖాతాల్లో మిగిలింది సున్నా. మరుసటి ఏడాది మొదటి క్వార్టర్‌లో 4.65 కోట్లకు ఒప్పుకున్నాం. మిగిలిన 7.25 కోట్లు ఎప్పటికీ ప్రొవిజన్ కాలేదు, ఖర్చు జరిగినప్పుడల్లా జరిగినంత రాసుకున్నారు. ఈ అంకెల మధ్య ఏం జరిగిందన్నదే ఈ కేసు. అప్పుడు నేను స్టాట్యుటరీ ఆడిటర్‌ని. కంపెనీని గుర్తుపట్టకుండా ఊళ్ళు, సరుకు, అంకెలు కొంత మార్చాను. తేదీల మధ్య దూరం మాత్రం ఉన్నదున్నట్టే ఉంచాను, కేసంతా తేదీల మీదే నిలబడింది కాబట్టి.

మందుల కంపెనీలకు ప్లాస్టిక్ సీసాలు, మూతలు చేసే సంస్థ ఇది. షేర్ మార్కెట్లో లిస్ట్ కాలేదు, కానీ నెట్‌వర్త్ 250 కోట్లు దాటింది కాబట్టి ఇండ్ ఏఎస్ అనే అకౌంటింగ్ స్టాండర్డ్స్ ప్రకారమే ఖాతాలు రాయాలి. జీడిమెట్లలో సొంత స్థలంలో పాత యూనిట్, శ్రీసిటీలో కొత్త యూనిట్ ఉన్నాయి. పాతదాన్ని మూసేసి, పనికొచ్చే మెషిన్లను కొత్తదానికి తరలించాలని 2023 మార్చి 24న బోర్డు నిర్ణయించింది. వారంలో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. ఆ ఏడాది ప్లాస్టిక్ గుళికల ధర కలిసొచ్చి, పన్నుకు ముందు లాభం 31 కోట్లు వచ్చింది. తర్వాతి ఏడాది బడ్జెట్‌లో లాభం అందులో మూడో వంతు కూడా లేదు. "ఈ ఏడాది బాగుంది కదా సార్, పోయేదేదో ఇందులోనే పోనీ" అని సీఎఫ్ఓ మొదటి మీటింగ్‌లోనే అనేశారు. దాపరికం లేని మనిషి. ఆ మాట విన్నాక ఏం చూడాలో నాకు అర్థమైంది.

మినిట్స్‌లో ఏముంది

బోర్డు తీర్మానం సారాంశం ఇది: జీడిమెట్ల యూనిట్‌ను దశలవారీగా శ్రీసిటీకి తరలించి మూసివేయడానికి సూత్రప్రాయంగా అంగీకరించడమైనది, సమగ్ర ప్రణాళిక తయారుచేసి తదుపరి సమావేశంలో పెట్టడానికి మేనేజింగ్ డైరెక్టరుకు అధికారం ఇవ్వడమైనది.

ఏకగ్రీవంగా ఆమోదించారు, ఛైర్మన్ సంతకం ఉంది, తేదీ సరిగానే ఉంది. డైరెక్టర్లతో మాట్లాడితే నిర్ణయంలో నిజాయితీ కూడా కనిపించింది. మూసేస్తారన్న విషయంలో మాకు అనుమానమే లేదు. మా ప్రశ్న వేరు. మార్చి 31 నాటికి ఈ కంపెనీ ఎవరికైనా ఏదైనా బాకీ పడిందా?

ఇండ్ ఏఎస్ 37 ప్రకారం ప్రొవిజన్ రాయాలంటే, ఇదివరకే జరిగిన ఒక సంఘటన వల్ల ఇప్పటికే ఒక బాధ్యత పుట్టి ఉండాలి, దాన్ని తీర్చడానికి డబ్బు పోయే అవకాశమే ఎక్కువ ఉండాలి, ఎంత పోతుందో నమ్మదగ్గ అంచనా ఉండాలి. ఆ బాధ్యత చట్టం వల్లనో ఒప్పందం వల్లనో రావచ్చు. లేదా కన్‌స్ట్రక్టివ్ ఆబ్లిగేషన్ అయినా కావచ్చు. అంటే కాగితం మీద ఒప్పందం లేకపోయినా, కంపెనీ తన మాటతోనో నడతతోనో ఎదుటివాళ్లలో ఒక గట్టి నమ్మకం కలిగించి, ఇక దాన్ని తీర్చడం తప్ప వేరే దారి లేకుండా చేసుకోవడం. రెంటిలో ఏదైనా సరే, అవతల ఒక మనిషి ఉండాల్సిందే. ఆ మనిషి పేరు తెలియకపోయినా ఫర్వాలేదు, జనం మొత్తమైనా ఫర్వాలేదు. కానీ బోర్డు గదిలో కూర్చుని తనకు తానే బాకీ పడటం కుదరదు. అందుకే స్టాండర్డ్ 20వ పేరా సూటిగా చెబుతుంది: బోర్డు నిర్ణయం వల్ల నష్టపోయేవాళ్లకు పీరియడ్ ముగిసేలోపు దాన్ని తగినంత స్పష్టంగా తెలియజేయకపోతే, ఆ నిర్ణయం ఒక్కటే కన్‌స్ట్రక్టివ్ ఆబ్లిగేషన్ కాదు.

మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లను ఇలాంటి చోట నేను ఒకటే అడుగుతాను. మార్చి 31 సాయంత్రం బోర్డు మళ్లీ కూర్చుని "వద్దులే, నడుపుదాం" అనుకుంటే, దానికి ఎవరి దగ్గర సంజాయిషీ ఇచ్చుకోవాలి? ఈ కేసులో ఎవరి దగ్గరా అక్కర్లేదు. మినిట్స్ బుక్‌లో ఇంకో తీర్మానం రాస్తే సరిపోతుంది.

రీస్ట్రక్చరింగ్ విషయంలో స్టాండర్డ్ ఇంకొంచెం బిగించింది. 72వ పేరా ప్రకారం రెండూ ఉండాలి. ఒకటి, వివరమైన ప్లాన్: ఏ వ్యాపారం, ఏ ఊళ్ళు, ఏ పనిచేసే ఎంతమందికి సుమారుగా పరిహారం ఇచ్చి పంపుతారు, ఖర్చెంత, ఎప్పుడు అమలు చేస్తారు అన్నవి కనీసం అందులో ఉండాలి. రెండు, ఆ ప్లాన్‌ని అమలు చేయడం మొదలుపెట్టో, దాని ముఖ్యాంశాలు ప్రకటించో, కంపెనీ ఇది చేసి తీరుతుందన్న నమ్మకం బాధితుల్లో కలిగించాలి. మార్చి 24 తీర్మానం మొదటిదాన్నే దాటలేదు. ప్లాన్ తయారుచేయమని ఎండీకి అధికారం ఇచ్చారంటేనే ప్లాన్ ఇంకా లేదని అర్థం.

ఆడిట్‌లో మినిట్స్ చదివేటప్పుడు "సూత్రప్రాయంగా" అన్నది కనబడితే నేను అక్కడ పెన్సిల్‌తో గీత గీస్తాను. ఆ మాట ఉందంటే అసలు నిర్ణయాలు ఇంకా మిగిలే ఉంటాయి. ఇక్కడ మిగిలినవి చిన్నవి కావు. ఏ మెషిన్లు తరలించాలి, ఏవి తుక్కుకు అమ్మాలి, కార్మికులకు చట్టం చెప్పిన పరిహారమే ఇవ్వాలా, పైన ఇంకేమైనా ఇవ్వాలా అన్నవి కూడా అప్పటికి తేలలేదు. మరి 11.90 కోట్ల అంచనా ఎక్కడిది? ఫైనాన్స్ టీమ్ మార్చి ఆఖరి రెండు రోజుల్లో ఎక్సెల్‌లో వేసుకున్న లెక్క అది. బోర్డు దాన్ని చూడలేదు.

"అందరికీ తెలుసు సార్"

దీన్ని సీఎఫ్ఓ ఊరికే ఒప్పుకోలేదు, ఒప్పుకోవాల్సిన పనీ లేదు. ఆయన మూడు ఆధారాలు తెచ్చారు. మూడింటినీ తీసిపారేయకుండా చూశాం. అసలు ఈ కేసులో పని జరిగింది ఇక్కడే.

మొదటిది, మార్చి 28న పర్చేజ్ మేనేజర్ గుళికల సప్లయర్‌కి పెట్టిన మెయిల్: "జులై నుంచి జీడిమెట్లకు మా అవసరం కొంత తగ్గొచ్చు, గమనించగలరు." చదవగానే మూసివేత సంగతే అనిపిస్తుంది, మనకు తెలుసు కాబట్టి. సప్లయర్ వైపు నుంచి చదివితే అందులో ఏముంది? ఆర్డర్ తగ్గొచ్చు అన్నారు. ఎందుకో, ఎంతో, ఎన్నాళ్లో లేదు. యూనిట్ మూస్తున్నట్టు ఎక్కడా లేదు. ఈ మెయిల్ పట్టుకుని సప్లయర్ కంపెనీ మీద ఏ ఆశా పెట్టుకోలేడు. ముఖ్యాంశాలు ప్రకటించడం అనేది దీనికి చాలా దూరం.

రెండోది కొంచెం గట్టిది. మార్చి 30న జీడిమెట్ల నుంచి శ్రీసిటీకి రెండు అచ్చులు వెళ్లాయి. మెషిన్లు విప్పడం, ఆస్తులు అమ్మడం వంటివి అమలు మొదలైందనడానికి ఆధారాలుగా స్టాండర్డే చెబుతుంది. కాబట్టి తరలింపు మొదలైపోయిందని కంపెనీ వాదన. మా దగ్గర సీఏ శిక్షణలో ఉన్న ఆర్టికల్ అసిస్టెంట్ వెళ్లి గేట్ రిజిస్టర్ చూసింది. ఆ రెండు అచ్చులూ రిటర్నబుల్ గేట్ పాస్ మీద వెళ్లాయి. కారణం కాలమ్‌లో "శ్రీసిటీ అర్జెంట్ ఆర్డర్ నిమిత్తం" అని రాసి ఉంది. ఏప్రిల్ 9న అవే నంబర్లతో లోపలికి తిరిగొచ్చినట్టు ఇన్‌వర్డ్ ఎంట్రీ కూడా ఉంది. పాత ఏళ్ల రిజిస్టర్లు తిరగేస్తే ఇలా అచ్చులు అటూ ఇటూ పోవడం మామూలే. శాశ్వతంగా వెళ్లే సరుకుకి నాన్ రిటర్నబుల్ పాస్ కొడతారు. సెక్యూరిటీ గార్డుకి కూడా తేడా తెలిసే విషయం అది.

ఒకవేళ నిజంగానే మార్చి 30న మెషిన్లు విప్పడం మొదలై ఉంటే? అప్పుడైనా వివరమైన ప్లాన్ లేనిదే 72వ పేరా తృప్తి పడదు. కానీ తీర్మానంతో పాటే ప్లాన్ ఆమోదం పొంది, అందరి కళ్లముందు నాలుగు మెషిన్లు పునాదుల నుంచి ఊడి లారీ ఎక్కి ఉంటే, మా సమాధానం వేరుగా ఉండేది. ప్రకటన లేకపోయినా చేత చాలు. స్టాండర్డ్ ఆ దారి తెరిచే ఉంచింది.

మూడోది, "అందరికీ తెలుసు" అన్నది. క్యాంటీన్‌లో ఇదే మాట, యూనియన్‌లో ఇదే మాట, కార్మికులు అప్పటికే టెన్షన్‌లో ఉన్నారు, ఇంతకంటే నమ్మకం కలిగించడం ఏముంటుంది అన్నారు సీఎఫ్ఓ. దీనికి జవాబు హెచ్‌ఆర్ ఫైల్లోనే దొరికింది. మార్చి 27న యూనియన్ కార్యదర్శి ప్లాంట్ మేనేజర్‌కి ఒక ఉత్తరం రాశాడు. యూనిట్ మూసేస్తున్నారని పుకార్లు వస్తున్నాయి, నిజానిజాలు చెప్పండి అని. మార్చి 29న ప్లాంట్ మేనేజర్ సంతకంతో, కంపెనీ స్టాంపుతో జవాబు వెళ్లింది: "మూసివేత గురించి వస్తున్న వార్తలు నిరాధారం. కార్మికులు వదంతులు నమ్మవద్దు." దాని కింద అందినట్టు కార్యదర్శి సంతకం కూడా ఉంది.

ఆ జవాబు గురించి సీఎఫ్ఓకి తెలియదు. ఫొటోకాపీ ఆయన ముందు పెట్టాను. చదివి, కాసేపు ఆగి, "వీడెందుకు రాశాడండీ ఇలా" అన్నారు. ఎందుకు రాశాడో ఊహించడం కష్టం కాదు. ప్లాన్ లేకుండా మూసివేత ఒప్పుకుంటే మర్నాడు గేటు ముందు టెంట్ వేస్తారు. ఆయన తన కోణంలో తన పని చేశాడు. కానీ ఖాతాల కోణంలో ఆ ఒక్క కాగితంతో వాదన ముగిసింది. బాధితుల్లో నమ్మకం కలగాలి అని స్టాండర్డ్ అంటుంటే, బాధితులు నోరు తెరిచి అడిగినా కంపెనీ లేదు పొమ్మంది. పుకారు ఎంత బలంగా ఉన్నా అది కంపెనీ ఇచ్చిన మాట కాదు.

హెచ్‌ఆర్ కంప్యూటర్లో మార్చి 29 తేదీతో సేవ్ చేసిన డ్రాఫ్ట్ లెటర్లు కూడా చూపించారు. పంపని ఉత్తరానికి విలువ లేదు, దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఇక్కడ రెండు పక్క విషయాలు. ఇదే కంపెనీ లిస్ట్ అయి ఉంటే కథ కొంత మారేది. యూనిట్ మూసివేత వంటి ముఖ్యమైన నిర్ణయాన్ని సెబీ లిస్టింగ్ నిబంధనల ప్రకారం వెంటనే ఎక్స్ఛేంజీకి చెప్పాలి కాబట్టి, బహిరంగ ప్రకటన దానంతటదే జరిగిపోతుంది. అయినా ఆ ప్రకటనలో "సూత్రప్రాయంగా" అని తప్ప వివరం లేకపోతే, వెనక ప్లాన్ లేకపోతే, ప్రొవిజన్ అప్పుడూ రాదు. రెండోది, జర్మనీలో పెద్ద కంపెనీల సూపర్‌వైజరీ బోర్డుల్లో ఉద్యోగుల ప్రతినిధులు కూర్చుంటారు. అలాంటి బోర్డు నిర్ణయం తీసుకుందంటే ఉద్యోగుల పక్షానికి తెలిసినట్టే, కాబట్టి నిర్ణయంతోనే బాధ్యత పుట్టవచ్చని స్టాండర్డ్ 77వ పేరాలో ఒప్పుకుంటుంది. మన కంపెనీ బోర్డులో ప్రమోటర్ కుటుంబం, ఇద్దరు ఇండిపెండెంట్ డైరెక్టర్లు తప్ప ఎవరూ లేరు.

ఏప్రిల్‌లో జరిగినది మార్చికి పనికొస్తుందా

ఏప్రిల్ 12న బోర్డు పూర్తి ప్లాన్‌ని ఆమోదించింది. 17న యూనియన్‌ని పిలిచి మాట్లాడి, ప్రతి కార్మికుడికీ ఉత్తరం ఇచ్చారు. అదే రోజు కార్మిక శాఖకు నోటీసు, కస్టమర్లకు, సప్లయర్‌కి, లేబర్ కాంట్రాక్టర్‌కి లెటర్లు వెళ్లాయి. ఖాతాలు బోర్డు ముందుకొచ్చింది జూన్ చివర్లో. అప్పటికి మూసివేత ఖాయమని ప్రపంచానికంతా తెలుసు. మరి ఏప్రిల్ సంఘటన మార్చి నిర్ణయాన్ని రుజువు చేసింది కదా, దాన్ని మార్చిలోనే కలుపుకుంటే తప్పేంటి అన్నది కంపెనీ తరఫున వచ్చిన చివరి వాదన.

బ్యాలెన్స్ షీట్ తేదీ నాటికే ఉన్న పరిస్థితికి తర్వాత ఆధారం దొరికితే సవరించాలి, నిజమే. మార్చిలో దివాలా దిశగా ఉన్న బాకీదారుడు ఏప్రిల్‌లో ఐపీ పెడితే అలాగే చేస్తాం. కానీ ఇక్కడ మార్చి 31న బాధ్యతే లేదు. అది పుట్టింది ఏప్రిల్ 17న. ఇండ్ ఏఎస్ 10లో సవరించకూడని సంఘటనల ఉదాహరణల్లో పెద్ద రీస్ట్రక్చరింగ్‌ను ప్రకటించడం లేదా అమలు మొదలుపెట్టడం పేరు పెట్టి మరీ ఉంది. కాబట్టి అంకె రాదు, నోట్ వస్తుంది. 2022-23 ఖాతాల్లో మేం ఒప్పించిన నోట్‌లో బోర్డు నిర్ణయం ఎప్పుడు జరిగింది, కార్మికులకు ఎప్పుడు చెప్పారు, ఏ తేదీకి యూనిట్ మూతపడుతుంది, నేరుగా అయ్యే ఖర్చు అంచనా 4.65 కోట్లు, దానికి ఈ ఏడాది ప్రొవిజన్ లేదు అన్నవి ఉన్నాయి. ఐదు వాక్యాలు. బ్యాంకువాళ్లకు కావాల్సిందీ అదే.

ముందుజాగ్రత్త కోసం ఎక్కువ రాస్తే నష్టమేంటి అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నష్టం రెండో ఏడాది తెలుస్తుంది. అమెరికాలో గృహోపకరణాలు చేసే సన్‌బీమ్ కంపెనీ 1996 చివర్లో రీస్ట్రక్చరింగ్ పేరుతో పెద్ద ఖర్చు రాసింది. అందులో కనీసం 3.5 కోట్ల డాలర్ల రిజర్వులు సరైనవి కావని అక్కడి సెక్యూరిటీస్ కమిషన్ 2001లో కేసు పెట్టింది. ఆ మిగులునే 1997లో మెల్లగా లాభంలోకి వదిలి కంపెనీ కోలుకున్నట్టు చూపించారన్నది ఆరోపణ. మన సీఎఫ్ఓకి అలాంటి ఉద్దేశం ఉందని నేను అనను. కానీ 31 కోట్ల లాభాన్ని 19 కోట్లకు దించి, మరుసటి ఏడాది నష్టాల్ని ముందే మింగేసిన ఖాతాల్ని చూసే బ్యాంకుకి ఉద్దేశాలు కనిపించవు, లాభం అంకే కనిపిస్తుంది.

లాభంలో మూడో వంతు దాటిన అంకె కాబట్టి, సవరించకపోతే ఆడిట్ రిపోర్టులో అభ్యంతరం రాసి క్వాలిఫై చేయాల్సి వస్తుందని చెప్పాం. ఆడిట్ కమిటీలోని ఇండిపెండెంట్ డైరెక్టర్ ఒకరు మార్చి 29 ఉత్తరం కాపీ అడిగి చదివారు. ఆ తర్వాత ఎక్కువ చర్చ జరగలేదు. ఎంట్రీ తీసేశారు.

అయితే బోర్డు నిర్ణయానికి ఖాతాల్లో అసలు విలువే లేదని కాదు. బాధ్యతల వైపు పనికిరాని నిర్ణయం ఆస్తుల వైపు పనికొస్తుంది. యూనిట్ మూసే ఆలోచన ఉందంటేనే అక్కడి ఆస్తుల విలువ పడిపోయిందేమో చూడమని ఇండ్ ఏఎస్ 36 అడుగుతుంది. దానికి ఎవరికీ ప్రకటించనక్కర్లేదు. పరీక్ష చేశాం. జీడిమెట్ల స్థలం మార్కెట్ ధరే యూనిట్ పుస్తక విలువను మించిపోయింది కాబట్టి మొత్తం మీద ఇంపెయిర్‌మెంట్ రాలేదు. కానీ పూర్తి జాబితా తేలకపోయినా, తుక్కుకు పోతాయని అప్పటికే అనుకున్న ఆరు పాత మెషిన్లకు మిగిలిన ఆయుష్షు ఏళ్ల నుంచి నాలుగు నెలలకు పడిపోయింది. తుక్కు ధర పోను మిగిలిన 1.15 కోట్లను ఆ నాలుగు నెలల మీదే డిప్రిసియేషన్‌గా వేశారు. మార్చి వాటా చాలా తక్కువ, మిగతాదంతా తర్వాతి ఏడాదికి వెళ్లింది. సీఎఫ్ఓకి దక్కిన ఊరట అంతే.

11.90లోంచి 4.65 ఎలా మిగిలింది

తేదీ సమస్య ఒక్కటే అయితే, ఏప్రిల్ 17న 11.90 కోట్లూ రాసేసుకోవచ్చు అనుకున్నారు. అదీ కుదరలేదు. రీస్ట్రక్చరింగ్ వల్ల తప్పనిసరిగా అయ్యే ఖర్చు, అదీ ఇకపై నడిచే వ్యాపారంతో సంబంధం లేనిది మాత్రమే ప్రొవిజన్‌లోకి వస్తుంది. ఫైనాన్స్ వాళ్ల ఎక్సెల్‌ని ఈ జల్లెడలో పోసి చూశాం.

కార్మికుల పరిహారం నిలబడింది. 84 మంది కార్మికులు, సగటు నెల జీతం 24,000, సగటు సర్వీసు 15 ఏళ్లు. పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఏడాదికి 15 రోజుల సగటు వేతనం లెక్కన మనిషికి 1.80 లక్షలు. పైన కంపెనీ ఒప్పుకున్న ఎక్స్‌గ్రేషియా 2 లక్షలు. మొత్తం 3.19 కోట్లు. సూపర్‌వైజర్లు, ఆఫీసు సిబ్బందికి ఇంకో 41 లక్షలు. వెరసి 3.60 కోట్లు. ఇది ఉద్యోగుల ప్రయోజనం కాబట్టి ఇండ్ ఏఎస్ 19 పరీక్ష కూడా దాటాలి. తనకెంత వస్తుందో ఉద్యోగి తానే లెక్కగట్టుకోగలిగేంత వివరం ప్లాన్‌లో ఉండాలన్నది ఆ పరీక్ష. ఏప్రిల్ 17 ఉత్తరంలో యూనిట్ పేరు, మూసే తేదీ జులై 31, విభాగాల వారీగా ఎంతమంది, పరిహారం లెక్క, ఎక్స్‌గ్రేషియా, చెల్లించే తేదీ అన్నీ ఉన్నాయి. కార్మికుడు జీతం చీటీ పక్కన పెట్టుకుని ఐదు నిమిషాల్లో తన మొత్తం తేల్చుకోగలడు. ఈ లెక్కలో మొదట గ్రాట్యుటీ కూడా కలిపారు, తీయించాం. అది యాక్చురీ లెక్క ప్రకారం ఏటేటా పుస్తకాల్లో ఉంటూనే వచ్చింది. మళ్లీ రాస్తే రెండుసార్లు అవుతుంది.

కాంట్రాక్టుల రద్దు ఖర్చు కూడా నిలబడింది. లేబర్ కాంట్రాక్టర్‌కి ఒప్పందం ప్రకారం 45 లక్షలు, కనీసం ఇంత కొంటామని రాసిచ్చిన గుళికల సప్లయర్‌కి 60 లక్షలు. 3.60తో కలిపితే 4.65.

ఇక పోయినవి. మెషిన్లు విప్పి శ్రీసిటీలో బిగించడానికి 1.90 కోట్లు, శ్రీసిటీకి వెళ్లే సిబ్బంది తరలింపుకీ శిక్షణకీ 55 లక్షలు, అక్కడ కొత్త సాఫ్ట్‌వేర్, కన్వేయర్ లైన్లకు 1.25 కోట్లు. ఇవన్నీ రేపటి వ్యాపారం కోసం పెట్టే ఖర్చులు. మూసివేత వల్లే వచ్చాయి నిజమే, కానీ వాటి ఫలం అనుభవించేది కొత్త యూనిట్. కస్టమర్ల ట్రయల్ బ్యాచ్‌ల 85 లక్షల మీద కొంచెం ఎక్కువ వాదన జరిగింది. సీసా తయారయ్యే చోటు మారితే మందుల కంపెనీలు కొత్త చోటుని ఆడిట్ చేసి, ట్రయల్ సరుకు పరీక్షించి గానీ ఆర్డర్ ఇవ్వవు. ఆ ఖర్చు తప్పదు, తరలింపు లేకపోతే అది లేనే లేదు అని మార్కెటింగ్ హెడ్ గట్టిగా చెప్పారు. తప్పదన్నది నిజం. కానీ అది కస్టమర్‌ని నిలుపుకోవడానికి పెట్టే ఖర్చు, కాబట్టి నడిచే వ్యాపారం వైపే పడుతుంది.

అన్నిటికంటే పెద్దది 2.70 కోట్లు. ఏప్రిల్ నుంచి జులై దాకా యూనిట్ సగం సామర్థ్యంతో నడుస్తూ తెచ్చుకునే నష్టం ఇది. రాబోయే ఆపరేటింగ్ నష్టాలకు ప్రొవిజన్ లేదు, అంతే. ఎంత ఖాయంగా తెలిసినా సరే, వచ్చిన నెలలో రాసుకోవాలి. ఇవన్నీ కూడితే 7.25 కోట్లు. జీడిమెట్ల స్థలం అమ్మితే వచ్చే లాభాన్ని 4.65లోంచి తగ్గించి చూపిద్దామని ఒక దశలో ఇంకో ప్రతిపాదన వచ్చింది. దానికీ స్టాండర్డ్ ఒప్పుకోదు. ఆస్తి అమ్మకంలో లాభం అమ్మినప్పుడు వస్తుంది.

కార్మిక శాఖ నోటీసు గురించి ఒక మాట. అప్పటి చట్టంలో 50 నుంచి 99 మంది కార్మికులున్న సంస్థ మూసేముందు 60 రోజుల నోటీసు ఇస్తే చాలు. 100 గానీ అంతకుమించి గానీ ఉంటే 90 రోజుల ముందు ప్రభుత్వ అనుమతికి దరఖాస్తు పెట్టాలి. 84 మందే కాబట్టి మాకు ఆ చిక్కు రాలేదు. అనుమతి అవసరమైన చోట, అది వస్తుందా, ప్లాన్ మారిపోతుందా అన్నది విడిగా తూచాలి. ఎందుకంటే త్వరగా మొదలై, పెద్దగా మారే వీల్లేని గడువులో ముగిసే ప్లాన్‌కే ప్రొవిజన్. 2025 నవంబర్ 21 నుంచి ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్ అమల్లోకి వచ్చి ఆ హద్దు 300కి పెరిగింది, కాబట్టి ఇప్పుడు మూసేవాళ్లు పాత అంకెలతో లెక్క వేసుకోకూడదు.

తర్వాతి ఏడాది

2023-24 ఆడిట్‌లో ఈ 4.65 కోట్లు ఎలా ఖర్చయ్యాయో వరుసగా చూశాం. జులైలో మెషిన్లు విప్పే కాంట్రాక్టర్ బిల్లు అంచనా కన్నా 22 లక్షలు ఎక్కువొచ్చింది. సరిగ్గా అదే సమయంలో తొమ్మిది మంది కార్మికులు పరిహారం వద్దని, శ్రీసిటీకి వెళ్లడానికి ఒప్పుకున్నారు. వాళ్ల వాటా సుమారు 34 లక్షలు ప్రొవిజన్‌లో మిగిలిపోయింది. అకౌంట్స్‌లో ఎవరో కాంట్రాక్టర్ 22 లక్షల్ని ఆ మిగులుకి డెబిట్ చేశారు. లెడ్జర్ చదువుతుంటే పరిహారం ప్రొవిజన్‌లో క్రేన్ అద్దె కనిపించింది. ఏ ఖర్చు కోసం ప్రొవిజన్ పెట్టారో దానికే వాడాలి. ఇంకోదానికి వాడితే రెండు వేర్వేరు సంగతులు ఒకదాని చాటున ఒకటి మాయమైపోతాయి. ఎంట్రీ తిప్పించాం. 34 లక్షలు వెనక్కి తీసి లాభనష్టాల్లోకి వెళ్లాయి, 22 లక్షలు ఖర్చుగా విడిగా పడ్డాయి.

సర్వీసు ఏళ్ల లెక్క తప్పని ఇద్దరు కార్మికులు కార్మిక శాఖ అధికారి దగ్గరకు వెళ్లారు. వాళ్లకు రావాల్సిన 7.60 లక్షలు తప్ప మిగతాదంతా 2024 మార్చి 31 నాటికి చెల్లించేశారు. ఆ ఇద్దరి మొత్తమే ఆ ఏటి బ్యాలెన్స్ షీట్‌లో రీస్ట్రక్చరింగ్ ప్రొవిజన్ కింద మిగిలిన నిల్వ.